బీచ్ ఫోటోలో కాళ్ల మీద చారలు, గుంతలు: ఏది ముట్టుకోవాలి, ఎంతవరకు

బీచ్ ఫోటో ఎడిట్ చెయ్యడానికి కూర్చున్నవాళ్లు చాలామంది మొట్టమొదట చేసే పని జూమ్ చెయ్యడం. స్క్రీన్ నిండా తొడ ఒక్కటే కనపడేంత దగ్గరికి వెళ్తారు, అక్కడ స్ట్రెచ్ మార్క్స్ తెల్లటి గీతల్లా కనపడతాయి, ఇంక వాటిమీద పడి ఒక్కోటీ చెరుపుకుంటూ పోతారు, గంట తర్వాత వెనక్కొచ్చి ఫోటో మొత్తం చూస్తే కాలు మైనపు బొమ్మ కాలులా ఉంటుంది, పైగా ఏ ఎగుడుదిగుడు చూసి ఎడిటింగ్ మొదలెట్టారో అది మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. నేను కూడా ఈ పని మొదలెట్టిన కొత్తలో రెండేళ్ల పాటు ఇదే చేశాను. తప్పు చేతిలో లేదు, బ్రష్‌లో లేదు. కాలి మీద కనపడేవన్నీ ఒకే రకం అనుకోవడంలో ఉంది.

అవి మూడు రకాలు. మొదటిది, ఆ రోజుకి మాత్రమే ఉన్నవి: దోమ కుట్టిన దద్దురు, షార్ట్స్ ఎలాస్టిక్ అచ్చు, ఎక్కడో తగిలి కమిలిన మచ్చ, సరిగ్గా రుద్దుకోని సన్‌స్క్రీన్ తెల్లటి పట్టీలు. రెండోది, మనిషివే అయినవి: స్ట్రెచ్ మార్క్స్, పుట్టుమచ్చ, పాత దెబ్బ గుర్తు, ఇవి ఈ ఫోటోలోనే కాదు రేపు తీసే ఫోటోలోనూ ఉంటాయి. మూడోది, ఎక్కువమంది గమనించనిది, వెలుతురు చేసినవి. అంటే చర్మంలో ఉన్న చిన్న ఎత్తుపల్లాన్ని పక్కనుంచి పడిన ఎండ పెద్దది చేసి చూపించినవి. ఈ మూడింటికీ నిర్ణయం వేరువేరుగా తీసుకోవాలి, ఒకే స్లైడర్‌తో మూడింటినీ లాగేస్తేనే గొడవంతా.

మొదటి రకం గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. రెండు వారాల్లో వాటంతటవే పోయేవి అయితే తీసేయొచ్చు, ఫోటోలు రీటచ్ చేసేవాళ్లు ఎప్పట్నుంచో పాటించే లెక్క ఇది, నేనూ అడక్కుండానే తీసేస్తా. రెండోది, మూడోది కలిసిపోయిన చోటే అసలు చిక్కు, అందుకే ఆ రెంటి గురించే చెప్తాను.

స్ట్రెచ్ మార్క్ అంటే చర్మం పైపొరలో గీత కాదు. చర్మం సాగే వేగానికి లోపలున్న డెర్మిస్ అనే పొర తట్టుకోలేక అందులోని కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి, ఆ గాయం మానాక మిగిలేదే ఈ చార. ఎదిగే వయసులో, ప్రెగ్నెన్సీలో, బరువు గబగబా పెరిగినప్పుడు వస్తాయి, మగవాళ్లకీ వస్తాయి. కొత్తగా వచ్చినప్పుడు ఎర్రగా ఊదాగా ఉంటాయి, చామనఛాయ చర్మం మీద ముదురు గోధుమరంగులో కూడా కనపడతాయి. నెలలు గడిచేకొద్దీ రంగు పోయి చుట్టూ ఉన్న చర్మం కన్నా లేతగా, కాస్త మెరుస్తూ, కాస్త లోపలికి దిగినట్టు అవుతాయి. ఈ పాత చారలు ఎండకి చుట్టుపక్కల చర్మంలా నల్లబడవు. అందుకే బీచ్‌లో మొదటిరోజు తీసిన ఫోటోలో కనపడని చారలు మూడోరోజు ఫోటోలో స్పష్టంగా కనపడతాయి, చారలు పెరగలేదు, చుట్టూ ఉన్న చర్మం నల్లబడింది, అంతే.

గుంతల సంగతి వేరు. చర్మం కింద కొవ్వు ఉంటుంది, చర్మాన్ని లోపలి పొరలకి పట్టి ఉంచే పీచుదారాలు ఆ కొవ్వు మధ్యలోంచి వెళ్తాయి, దారం లాగిన చోట గుంత, దారాల మధ్య కొవ్వు ఉబ్బిన చోట మిట్ట. కుట్లు వేసిన పరుపు ఎలా ఉంటుందో అలా. దీన్నే సెల్యులైట్ అంటారు, యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్లకీ ఉంటుంది. దీనికి సొంతంగా రంగంటూ లేదు, ఇది ఉత్త ఆకారం. ఆకారం ఫోటోలో కనపడాలంటే నీడ పడాలి, నీడ ఎంత పడుతుందనేది ఎండ ఏ కోణంలో వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సున్నం వేసిన గోడ ఎదురుగా లైట్ వేస్తే నున్నగా కనపడుతుంది, అదే గోడకి ఆనించి పక్కనుంచి టార్చ్ వెయ్యండి, తాపీ మేస్త్రీ చెయ్యి వణికిన ప్రతి చోటూ బయటపడుతుంది. సాయంత్రం బీచ్‌లో సూర్యుడు చేసేది సరిగ్గా ఆ టార్చ్ పనే, ఎండ బంగారంలా ఉందని అందరూ ఆ టైమ్‌లోనే ఫోటోలు తీస్తారు, ముఖానికి అది ఎంత అందమో పక్కకి తిరిగిన తొడకి అంత కఠినం.

అంటే చార అనేది చాలావరకు రంగు తేడా, గుంత అనేది నీడ. చార మనిషిది. గుంత కూడా మనిషిదే, కానీ గుంత *అంత లోతుగా* కనపడటం మాత్రం వెలుతురు పని. ఆ వెలుతురు వాటా ఎంతో అంతవరకు తగ్గించడంలో అబద్ధం లేదని నా నమ్మకం, ఎందుకంటే పక్కన నిలబడి మనిషిని చూసినవాళ్లకి అది అలా కనపడలేదు. మనిషి కదులుతూ ఉంటుంది, చూసే కన్ను కూడా కదులుతుంది, ఏ గుంత మీదా చూపు ఆగదు. కెమెరా మాత్రం సెకనులో ఐదొందలో వంతుని పట్టుకుని ఎప్పటికీ అలాగే ఉంచేస్తుంది.

ఏది వెలుతురు పనో ఎలా తెలుస్తుంది అంటారా, సులువైన పరీక్ష ఒకటుంది. అదే పది నిమిషాల్లో తీసిన ఇంకో ఫ్రేమ్ తీసుకోండి, మనిషి కొంచెం వేరే వైపు తిరిగి ఉన్నది. రెండింటిలోనూ అదే చోట అదే ఆకారంలో ఉంటే అది మనిషిది. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో మాయమైతే, లేదా సగానికి తగ్గితే, అది ఎండ గీసింది. ఒకే ఫ్రేమ్ ఉంటే నీడల దిక్కు చూడండి, ప్రతి గుంతకీ ఒకవైపు అంచు మెరుపు, ఎదుటి అంచు చీకటి ఉంటుంది, అన్నింటికీ చీకటి ఒకే దిక్కున ఉంటే వెలుతురు పక్కనుంచి వచ్చిందని అర్థం. చారలకి ఈ జంట ఉండదు, లేత గీత ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు ఒక ఫోటో పట్టుకుని మొత్తం నడిపిస్తా, మాటల్లో చెప్తే ఇది గాల్లో ఉన్నట్టు ఉంటుంది.

ఒకావిడ తన ఫోటోలు ఇచ్చారు, అల అంచున నడుస్తున్న ఫోటో ఒకటి, సూర్యుడు ఎడమ పక్కన బాగా కిందికి దిగి ఉన్నాడు. తొడలు కనపడే పొట్టి షార్ట్స్, కుడికాలు ముందుకి వేసి ఉంది, ఎడమ తొడ బయటివైపు పూర్తిగా ఎండకి పక్కగా ఉంది. నిలువు ఫోటో, 24 మెగాపిక్సెల్, అంటే 4000 వెడల్పు 6000 పొడవు. తొడ బయటివైపు ఏడెనిమిది పాత చారలు, వెనకవైపుకి గుంతలు, మోకాలి పైన అంటుకున్న ఇసుక.

నేను ముందు ఆవిణ్ణి అడిగా. ఎలా అడుగుతామనేది చాలా ముఖ్యం. "చారలు తీసేయమంటారా?" అని అడిగితే ఆ ప్రశ్నే చారలు తప్పని చెప్పేసినట్టు, అప్పటిదాకా ఆ ఊసే లేని మనిషి కూడా "ఆ, తీసెయ్యండి" అనేస్తుంది. అందుకే నేను ఫోటో పెద్దగా చూపించి, "ఈ ఫోటోలో మీకు ముట్టుకోవాలనిపించేది ఏమన్నా ఉందాండీ, ముట్టుకోకూడనిది ఏమన్నా ఉందా?" అని రెండూ కలిపి అడుగుతా. ఆవిడ కాసేపు చూసి అన్నారు, "చారలు నాకు ఇంటర్ నుంచీ ఉన్నాయండీ, వాటి గురించి పట్టింపు లేదు, ఉండనివ్వండి. కానీ ఈ గుంతలేంటి, నిజంగా నాకు ఇన్ని ఉన్నాయా? అద్దంలో ఎప్పుడూ చూళ్లేదే."

అద్దం ముందు నిలబడినప్పుడు లైట్ ఎదురుగా ఉంటుంది కాబట్టి కనపడలేదు. అదే షూట్‌లో ఆవిడ సూర్యుడి వైపు తిరిగిన ఇంకో ఫ్రేమ్ తెరిచి చూపించా, గుంతలు దాదాపు లేవు, చారలు మాత్రం అలాగే ఉన్నాయి. నేను పైన చెప్పిన పరీక్ష ఆవిడ కళ్లముందే అయిపోయింది. "అయితే ఆ రెండో ఫోటోలో ఉన్నంత వరకు తగ్గించండి చాలు" అన్నారు. ఎంతవరకు అనే ప్రశ్నకి నాకు తెలిసి ఇంతకన్నా మంచి కొలత లేదు, అదే మనిషిది అదే రోజు ఎదురు వెలుతురులో తీసిన ఫోటో. ఊహించుకున్న నున్నటి కాలు కాదు, ఆవిడ సొంత కాలే కొలత.

తర్వాత సైజు లెక్క. ఫోటోలో మనిషి దాదాపు 3600 పిక్సెళ్ల ఎత్తు ఉంది, ఆవిడ ఎత్తు 160 సెంటీమీటర్లు అనుకుంటే సెంటీమీటరుకి 22 పిక్సెళ్ల చిల్లర. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న చార 9 పిక్సెళ్లు వస్తుంది. ఫోన్‌లో పెట్టడానికి ఫోటోని 1080 వెడల్పుకి కుదిస్తే ఆ చార రెండున్నర పిక్సెళ్లు, అందులోనూ లేత రంగు, చూసేవాళ్లకి దాదాపు కనపడదు. గుంత అలా కాదు, రెండు సెంటీమీటర్ల గుంత అసలు ఫైల్‌లో 45 పిక్సెళ్లు, కుదించాక కూడా 12 పిక్సెళ్ల చీకటి మచ్చగా మిగులుతుంది. దూరం నుంచి చూసినప్పుడు కాలు ఎగుడుదిగుడుగా ఉందనిపించేది ఈ పెద్ద మచ్చల వల్లే, చారల వల్ల కాదు. నేను మొదట చెప్పిన తప్పు ఇదే, జూమ్ చేసి గంటసేపు చెరిపినవి అసలు ఎవరికీ కనపడేవే కావు. అదే ఎనిమిది అంగుళాల వెడల్పు ప్రింట్ తీస్తే చార అర మిల్లీమీటరు దాకా వస్తుంది, చేతిలో పట్టుకుని చూస్తే కనపడుతుంది. కాబట్టి ఎడిటింగ్‌కి ముందే ఫోటో ఎక్కడ చూస్తారో తేల్చుకుని, ఫోటోని ఆ సైజులో స్క్రీన్ మీద పెట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. అప్పుడు కూడా కంటికి తగిలేది ఏదో అదే మీ పని, మిగతాది పని కాదు.

ఇక చేతి పని. నేను ఫోటోషాప్‌లో చేస్తా, వేరే యాప్ అయినా లేయర్లు, మాస్క్‌లు ఉంటే ఇదే పద్ధతి.

ముందు ఖాళీ లేయర్ మీద, `Sample` ని `Current & Below` లో పెట్టి, `Healing Brush` తో తాత్కాలికమైనవి తీసేశా, దోమ కాటు రెండు, ఎలాస్టిక్ అచ్చు కొంత. ఇసుక వదిలేశా, బీచ్‌లో కాలికి ఇసుక అంటుకుంటుంది కదా, అది తీసేస్తే ఫోటోలో నిజం ఒక పాలు తగ్గుతుంది.

తర్వాత గుంతలు. ఇక్కడ బ్లర్ వాడను. ఒక `Curves` లేయర్ వేసి మధ్యలో కొద్దిగా పైకి లాగి, దాని మాస్క్‌ని నల్లగా నింపేశా, మాస్క్ నల్లగా ఉన్నచోట ఆ లేయర్ పని కనపడదు, తెల్లగా తడిమిన చోటే కనపడుతుంది, ఇంకో `Curves` లేయర్ కొద్దిగా కిందికి లాగి దాన్నీ అలాగే. మొదటిది వెలుగు పెంచేది, రెండోది తగ్గించేది. మెత్తటి బ్రష్, తెల్ల రంగు, `Flow` రెండు మూడు శాతం, బ్రష్ సైజు గుంతలో చీకటి భాగం కన్నా చిన్నది. చీకటి అంచు మీద వెలుగు పెంచే మాస్క్‌లో నాలుగైదు సార్లు నెమ్మదిగా తడిమితే ఆ నీడ చుట్టూ ఉన్న చర్మం వైపు మెల్లగా లేస్తుంది, మెరుపు అంచు మీద రెండోదానితో ఒకటి రెండు సార్లు చాలు. ఇలా చేస్తే వెలుతురు మాత్రమే మారుతుంది, చర్మం మీదున్న రంధ్రాలు, నూగు వెంట్రుకలు, ఇసుక రేణువులు, చారలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. టైమ్ పడుతుంది, ఒక తొడకి ఇరవై నిమిషాలు ఈజీగా పోతాయి, కానీ చేసినట్టు తెలియదు.

నీడ తేడాలు కంటికి సరిగ్గా కనపడకపోతే పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్, దానిమీద కాంట్రాస్ట్ బాగా పెంచిన ఇంకో `Curves` పెట్టుకోండి, రంగు పోయి ఎత్తుపల్లాలు మాత్రమే కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఒక జాగ్రత్త ఏంటంటే ఆ లేయర్ ఆన్‌లో పెట్టుకుని ఎక్కువసేపు పని చెయ్యకండి, అందులో చూస్తే ఏ కాలైనా గతుకుల రోడ్డులాగే ఉంటుంది, చేసేకొద్దీ ఇంకా చెయ్యాలనిపిస్తుంది. ఐదు నిమిషాలకోసారి ఆఫ్ చేసి మామూలు ఫోటో చూడాలి.

చారల విషయంలో ఆవిడ వద్దన్నారు కాబట్టి వదిలేద్దామనుకున్నా, కానీ గుంతల నీడ తగ్గాక ఒక సంగతి బయటపడింది. సన్‌స్క్రీన్ తడి మీద ఎండ పడి రెండు చారలు తెల్లటి దారాల్లా తళుక్కుమంటున్నాయి. ఆ తళుకు చార కాదు, చార మీద పడిన వెలుతురు. దాన్ని విడిగా ఇంకో గ్రూప్‌లో పెట్టి, వెలుగు తగ్గించే మాస్క్‌లో చార వెడల్పుకి తగ్గ సన్న బ్రష్‌తో ఆ మెరుపు మీద మాత్రమే తడిమి, పక్కనున్న మిగతా చారల స్థాయికి తెచ్చి ఆపేశా. చెరపలేదు. ఈ గ్రూప్ విడిగా పెట్టడం ఎందుకో తర్వాత చెప్తా.

ఎవరైనా చారలు కూడా తగ్గించమంటే అప్పుడూ ఇదే దారి, లేత చారని కొద్దిగా ముదురు చెయ్యడం, సగం తేడా పోయేదాకా. కొత్త ఎర్రటి చారలైతే వెలుగు కూడా ముట్టుకోకుండా `Hue/Saturation` లో ఎరుపు ఒక్కటే తీసుకుని దాని శాచురేషన్ మాస్క్‌తో ఆ చారల మీదే కొంత తగ్గిస్తే చాలు, కంటిని లాగేది ఆ రంగే కాబట్టి. ఎక్కువ తగ్గిస్తే బూడిద రంగొచ్చి కాలికి జబ్బు చేసినట్టు అవుతుంది, ఆ బూడిద కనపడగానే వెనక్కి రావాలి.

చాలామంది ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అనే పద్ధతి వాడతారు, అంటే ఫోటోని రెండు పొరలుగా విడగొట్టడం, కింద బ్లర్ చేసిన పొరలో రంగులు, నీడలు, పైపొరలో సన్న వివరాలు. పద్ధతి మంచిదే, కానీ చారల దగ్గర దాంతో ఒక ఉచ్చు ఉంది. బ్లర్ రేడియస్ 10 పిక్సెళ్లు పెట్టారనుకోండి, 9 పిక్సెళ్ల చార ఎక్కువభాగం పైపొరలోకి వెళ్లిపోతుంది. మీరేమో కింద పొరలో ఎంత నునుపు చేసినా చార దయ్యంలా కనపడుతూనే ఉంటుంది, విసుగొచ్చి పైపొరని కూడా బ్లర్ చేస్తారు, చర్మం రంధ్రాలు ఉండేది అక్కడే కాబట్టి ఆ క్షణమే కాలు ప్లాస్టిక్ అయిపోతుంది. ప్లాస్టిక్ కాళ్లు తయారయ్యేది ఎక్కువగా ఈ దారిలోనే, ఎవరూ కావాలని చెయ్యరు.

ఫోన్‌లోనో లైట్‌రూమ్‌లోనో చేసేవాళ్లకి బ్రష్ పని అంత కుదరదు. అక్కడ కాళ్ల మీద మాత్రమే మాస్క్ వేసి, గుంతలే సమస్యైతే `Clarity` కొద్దిగా, మైనస్ పది పదిహేను దాకా తగ్గించండి, అది పెద్ద నీడల కాంట్రాస్ట్‌ని మెత్తబరుస్తుంది. `Texture` మైనస్ చేస్తే చారల సైజులో ఉన్న వివరాలు మెత్తబడతాయి, కానీ ఇసుక కూడా దాంతోపాటే కరిగిపోతుంది, మైనస్ ఇరవై దాటితే నాకు నచ్చదు. షాడోస్ స్లైడర్ కొంచెం పైకి లేపడం కూడా పనికొస్తుంది, సమస్య నీడే కదా మరి. ఫోన్ యాప్‌లలో ఉండే స్మూత్ బటన్ మాత్రం చార ఏదో ఇసుక ఏదో చూసుకోకుండా అన్నింటినీ కలిపి తుడిచేస్తుంది, దాన్ని కాళ్ల మీద వాడకపోవడమే మంచిది.

ఎక్కడ ఆపాలి అనేది పని చేస్తున్నప్పుడు తెలియదు, కన్ను అలవాటుపడిపోతుంది. నేను గుంతల పని మొత్తం ఒక గ్రూప్‌లో పెట్టి పూర్తి చేస్తా, తర్వాత దాని ఒపాసిటీ, అంటే చేసిన పని ఎంత శాతం కనపడాలో చెప్పే అంకె, సున్నాకి దించి, ఫోటో మొత్తం స్క్రీన్‌కి సరిపోయేలా పెట్టి, మెల్లగా పైకి లేపుతా. ఒక చోటికి వచ్చేసరికి చూపు కాళ్ల దగ్గర ఆగకుండా ముఖం మీదకి, అల మీదకి వెళ్లిపోతుంది. అక్కడే ఆపాలి. ఈ ఫోటోకి అది 50 దగ్గర వచ్చింది, మామూలుగా నాకు 40కీ 60కీ మధ్యలో వస్తుంది. పైనుంచి కిందికి దించుకుంటూ వస్తే ఆ చోటు ఎక్కువ అంకె దగ్గర వస్తుంది, నున్నదనానికి కన్ను ముందే అలవాటుపడి ఉంటుంది కాబట్టి. అందుకే కిందినుంచి పైకే.

అతి అయిందో లేదో చూడటానికి మూడు చోట్లు చూస్తా. ఒకటి, అదే మనిషి చెయ్యి. చేతి చర్మం మీద రంధ్రాలు కనపడుతూ తొడ మీద కనపడకపోతే ఎక్కువైందని అర్థం. రెండు, మోకాలి చిప్ప అంచు. మోకాలు ముడతల దగ్గర అసలు చర్మం, దానికి రెండు వేళ్ల పైన నున్నటి చర్మం, మధ్యలో గీత గీసినట్టు తేడా ఉంటే బ్రష్ ఎక్కడ ఆగిందో అందరికీ తెలిసిపోతుంది. మూడు, కాలు అంచు ఇసుకనో నీళ్లనో తాకే చోటు. బ్లర్ వాడినవాళ్లకి ఇక్కడ ఇసుక రంగు కాలి మీదకి, కాలి రంగు ఇసుక మీదకి పాకి పొగ అంచు వస్తుంది. తడి ఇసుకలో కాలి నీడో ప్రతిబింబమో ఉంటే అది కూడా చూడండి, అందులో ఏమీ మార్చక్కర్లేదు, ఎందుకంటే మనం కాలి ఆకారం ముట్టుకోలేదు. కాలు సన్నం చేసినవాళ్లకి మాత్రం ప్రతిబింబం దగ్గరే దొరికిపోవడం జరుగుతుంది, నేను ఆ పని చెయ్యను, వెలుతురు సరిచెయ్యడానికీ మనిషిని మార్చడానికీ మధ్య నా హద్దు అదే.

నాలుగో చోటు ఇంకోటుంది, అది ఈ ఫోటోలో ఉండదు, పక్క ఫోటోలో ఉంటుంది. కొన్నేళ్ల కింద ఒక ఆల్బమ్‌కి నాకు నచ్చిన మూడు ఫోటోల్లో కాళ్లు బాగా నునుపు చేసి, మిగతావి టైమ్ లేక అలాగే ఇచ్చేశా. ఆల్బమ్ తెరిస్తే ఎదురెదురు పేజీల్లో ఒకే మనిషి, ఒకే రోజు, ఒక కాలు నున్నగా, ఇంకో కాలు చారలతో. ఆమె నాతో ఏమీ గట్టిగా అనలేదు, "ఈ పేజీలో ఉన్నది నేను కాదేమో అనిపించింది" అని మాత్రం అన్నారు. చారలు చూసి బాధపడని మనిషిని నేను చారలు తీసి బాధపెట్టా. అప్పట్నుంచీ ఒక సెట్‌లో ఒక ఫోటోకి ఎంత చేస్తే మిగతావాటికీ అంతే, లేదంటే దేనికీ వద్దు.

ఇదంతా సొంత ఫోటోల సంగతి. ఫోటో ఏదన్నా అమ్మడానికైతే లెక్క మారిపోతుంది. అమ్మేది చెప్పులో, గొడుగో అయితే కాళ్ల మీద నీడ తగ్గించడంలో కొనేవాడికి నష్టమేం లేదు. అమ్మేది చారలు పోగొట్టే క్రీమ్ అయితే కాలి మీద ఒక్క బ్రష్ తడిమినా అది మోసమే, అక్కడ నా లెక్కలో హద్దు సున్నా. చట్టాలు కూడా ఈ హద్దుని ఒక్కోచోట ఒక్కోలా గీశాయి. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ నుంచి అమలైన రూల్ ప్రకారం యాడ్‌లో మోడల్ శరీరాన్ని సన్నంగానో లావుగానో మారిస్తే ఫోటో మార్చామని రాయాలి, చర్మం నునుపు చెయ్యడం దాని కిందికి రాదు. నార్వేలో 2022 జులై నుంచి అమలైన దాంట్లో ఆకారం, సైజుతో పాటు చర్మం కూడా ఉంది, చర్మం మార్చినా గుర్తు వెయ్యాల్సిందే. ఒక దేశం ఆకారం దగ్గర ఆగింది, ఇంకోటి చర్మం దాకా వచ్చింది, ఇది చూస్తే మనం తేల్చుకోలేకపోవడంలో వింత లేదనిపిస్తుంది.

ఇంకా ఫోటో తియ్యని వాళ్లకి ఒక మాట, ఈ పనిలో సగం అక్కడే తప్పించొచ్చు. మనిషిని సూర్యుడి వైపు కొద్దిగా తిప్పండి, పక్క వెలుతురు ఎదురు వెలుతురు అవుతుంది. లేదా సూర్యుణ్ణి మనిషి వెనక ఉండేలా పెట్టండి, పొడి ఇసుక కిందినుంచి వెలుతురుని వెనక్కి కొట్టి నీడల్ని నింపుతుంది. కూర్చున్న ఫోటోలో తొడ గట్టు మీద నొక్కుకుని పరుచుకుంటే గుంతలు రెట్టింపు కనపడతాయి, మడమలు కొంచెం ఎత్తితే తొడ గట్టు మీంచి లేచి ఆ ఒత్తిడి పోతుంది. తడి చర్మం మీద తళుకులకి పోలరైజర్ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది.

ఆవిడ ఫోటో దగ్గరికొస్తే, గుంతల గ్రూప్ 50, చారల మెరుపు గ్రూప్ 60, అలా ఫోన్ సైజులో ఒకటి పంపించా. చూసుకుని "ఇది నేనే" అన్నారు, ఇంకేం అడగలేదు. లేయర్ల ఫైల్ నా దగ్గరే ఉంచా. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేశారు, అదే ఫోటో ప్రింట్ తీయించి గోడకి పెట్టుకుంటారట, "పెద్దగా పెడుతున్నా కదండీ, ఆ తెల్లటి చారలు మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టేయండి, ఎండలో మెరిసినట్టే బాగుంది" అన్నారు. గ్రూపులు విడిగా ఉన్నందుకు అది ఒక్క క్షణం పని. చారల గ్రూప్ సున్నాకి దించా, గుంతలది ప్రింట్‌లో నీడలు ఇంకొంచెం చిక్కగా వస్తాయి కాబట్టి 55కి లేపి, చిన్న ముక్క ఒకటి టెస్ట్ ప్రింట్ తీసి పంపించా. అదే సైజులో, అదే కాగితం మీద.